విడదీసిన గుడ్డు ఫ్రిజ్‌లో ఎన్నాళ్లుంటుంది? తెల్లసొనకు ఒక లెక్క, పచ్చసొనకు ఇంకో లెక్క

కస్టర్డ్ చేద్దామని నాలుగు గుడ్లు కొట్టి పచ్చసొనలు తీసుకుంటే, పక్క గిన్నెలో నాలుగు తెల్లసొనలు మిగిలిపోతాయి. మెరింగ్ చేసిన రోజున దానికి తిరగబడి పచ్చసొనలు మిగులుతాయి. రెండింటినీ ఒకే రకం డబ్బాల్లో పోసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఒకే అరలో పెట్టేస్తాం. మూడు రోజుల తర్వాత తీసి చూస్తే తెల్లసొన పెట్టినప్పటిలాగే ఉంటుంది. పచ్చసొన మీద మాత్రం ముదురు నారింజ రంగులో తోలులాంటి పొర కట్టి ఉంటుంది.

ఇది ఫ్రిజ్ లోపం కాదు. ఒకే పెంకులో ఉన్నంత మాత్రాన ఈ రెండూ ఒకే తరహా పదార్థాలు కావు. పచ్చసొన పిల్ల పెరగడానికి దాచిపెట్టిన ఆహారం, తెల్లసొన ఆ ఆహారం చుట్టూ ఉన్న కాపలా. ఎన్ని రోజులు ఉంచవచ్చు, ఎలా కప్పాలి, ఫ్రీజర్‌లో పెట్టవచ్చా, తర్వాత ఏ వంటకు వాడాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఈ తేడాలోనే ఉంది. అందుకే ముందు దాని గురించి కాస్త వివరంగా చెబుతాను.

కాపలా ఎలా కాస్తుంది

తెల్లసొనలో దాదాపు 88 శాతం నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ప్రోటీన్లు. కొవ్వు దాదాపు ఉండదు. ఆ ప్రోటీన్లలో కొన్నిటి పని సూక్ష్మజీవులను అడ్డుకోవడమే. లైసోజైమ్ అనే ఎంజైమ్ కొన్ని రకాల బ్యాక్టీరియా గోడలను చీల్చేస్తుంది. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అంతకు ముందే, 1922లో, ఈ లైసోజైమ్ గురించి ప్రకటించాడు. ఓవోట్రాన్స్‌ఫెరిన్ అనే మరో ప్రోటీన్ అందుబాటులో ఉన్న ఇనుమును పట్టేసుకుంటుంది. ఇనుము దొరకకపోతే చాలా బ్యాక్టీరియా పెరగలేవు. వీటికి తోడు తెల్లసొన క్షారగుణం కలది. గుడ్డు పెట్టిన కొత్తలో దాని పీహెచ్ 7.6 దగ్గర ఉంటుంది. లోపలి కార్బన్ డయాక్సైడ్ మెల్లగా బయటికి పోతున్నకొద్దీ అది 9 దాటుతుంది. అంత క్షారంలో చాలా సూక్ష్మజీవులకు ఊపిరాడదు.

పచ్చసొనకు ఇలాంటి రక్షణ లేదు. దానిలో సగం నీరు, పావు వంతుకు పైగా కొవ్వు, ఆరో వంతు ప్రోటీన్. ఇనుము, విటమిన్లు కూడా పుష్కలం. పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. బ్యాక్టీరియాకు ఇంతకంటే మంచి భోజనం ఉండదు. పెంకులో ఉన్నంతసేపు తెల్లసొన దాని చుట్టూ గోడలా నిలబడుతుంది. మనం గుడ్డు పగలగొట్టి రెండింటినీ వేరు చేశామంటే ఆ గోడను మనమే తీసేసినట్టు.

అందుకే వేరు చేసిన తెల్లసొనను మూతపెట్టిన డబ్బాలో, 4 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకంటే చల్లగా, 4 రోజుల వరకు ఉంచవచ్చు. పచ్చసొనను మాత్రం 2 రోజుల్లో వాడేయాలి. చితికినా చితకకపోయినా అదే గడువు. చితికితే ఇంకా త్వరపడడం మంచిది.

ఒక విషయంలో పొరపాటు పడకూడదు. తెల్లసొనలో కాపలా ఉంది కదా అని అది సురక్షితమైపోదు. లైసోజైమ్ ముఖ్యంగా ఒక తరహా బ్యాక్టీరియా మీదే బాగా పనిచేస్తుంది. గుడ్ల విషయంలో మనం భయపడే సాల్మొనెల్లా ఆ తరహాది కాదు. తెల్లసొనలో అది త్వరగా పెరగలేదు, అలాగని చావదు కూడా. దాన్ని నిజంగా ఆపేది చల్లదనమే. 5 డిగ్రీలకు దిగువన సాల్మొనెల్లా దాదాపు పెరగదు. కాబట్టి గుడ్డు కొట్టిన గిన్నెను వంటంతా అయ్యేదాకా గట్టు మీద వదిలేయకండి. కస్టర్డ్ పొయ్యి మీదికి ఎక్కకముందే మిగిలిన తెల్లసొన ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. రెండు గంటలకు మించి బయట ఉన్న సొనను దాచడం మానేయండి. ఫ్రిజ్‌లో కూడా తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టండి. తలుపు తీసిన ప్రతిసారీ ముందు వేడెక్కేది ఆ తలుపు అరే.

ఎలా పెట్టాలి, చెడిందని ఎలా తెలుస్తుంది

తెల్లసొనకు పెద్దగా హంగామా అక్కర్లేదు. శుభ్రమైన గాజు సీసా, బిగుతైన మూత చాలు. సీసా మీద తేదీ రాసిన కాగితం ముక్క అంటించండి. నిన్నటి సీసాలో ఇవాళ్టి తెల్లసొన కలిపితే గడువు నిన్నటిదే. కొత్తదాన్ని పోసినంత మాత్రాన పాతది కొత్తది కాదు. వారమంతా ఒకే సీసాలో పోస్తూ పోయేవాళ్లు చేసే తప్పు ఇదే.

ఎన్ని తెల్లసొనలు ఉన్నాయో మరిచిపోతే తూకం చెబుతుంది. పెంకు తీసేసిన పెద్ద గుడ్డు సుమారు 50 గ్రాములు. అందులో తెల్లసొన 33, పచ్చసొన 17. ఖాళీ సీసా బరువును ముందే దాని మీద రాసి పెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు తూచినా లెక్క తేలిపోతుంది. సీసా బరువు తీసేశాక 200 గ్రాములు వస్తే ఆరు తెల్లసొనలు ఉన్నట్టు. తూకం లేకపోతే ఒక తెల్లసొనకు రెండు టేబుల్ స్పూన్లు, ఒక పచ్చసొనకు ఒక టేబుల్ స్పూన్ అని లెక్కవేసుకోండి.

పచ్చసొనకు అసలు శత్రువు ఫ్రిజ్‌లోని పొడిగాలి. దానిలో నీరు తక్కువ కాబట్టి పైభాగం కొద్దిగా ఎండినా తోలు కడుతుంది. పచ్చసొన చితకకుండా గుండ్రంగా ఉంటే, చిన్న గిన్నెలో పెట్టి అది మునిగేదాకా చల్లని నీళ్లు పోసి మూతపెట్టండి. వాడేటప్పుడు నీళ్లు వంపేస్తే సరిపోతుంది. ఈ పద్ధతికీ హద్దు ఉంది. పచ్చసొన చుట్టూ ఉన్న సన్నని పొర గుండా నీరు మెల్లగా లోపలికి దిగుతుంది. సొన ఉబ్బుతుంది, పొర బలహీనపడుతుంది, చివరికి చేయి తగిలితే చాలు పగిలిపోతుంది. పగిలితే నీళ్లన్నీ దానిలో కలిసిపోయి వంటకు పనికిరాకుండా పోతుంది. రెండు రోజుల గడువు ఇందుకు కూడా సరిగ్గా సరిపోతుంది.

ముందే చితికిన పచ్చసొనకు నీళ్ల పద్ధతి పనికిరాదు. దాన్ని చిన్న గిన్నెలో పోసి, పలుచని ప్లాస్టిక్ కవర్‌ను నేరుగా సొన మీదే ఆనేట్టు పరిచి, ఆ పైన మూతపెట్టాలి. మధ్యలో గాలి ఉండకూడదు. అంత జాగ్రత్త పడ్డా అంచుల్లో కొద్దిగా పొర కడితే అది ఎండినది మాత్రమే, కుళ్లినది కాదు. వాసన మామూలుగా ఉండి, రెండు రోజులు దాటకపోతే వడగట్టి వాడుకోవచ్చు.

చెడిందని గుర్తుపట్టడంలో తెల్లసొన రంగు చాలామందిని అయోమయంలో పడేస్తుంది. తాజా తెల్లసొనకు సహజంగానే లేత పసుపుతో కలిసిన ఆకుపచ్చ ఛాయ ఉంటుంది. అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్ వల్ల వచ్చేది. కొంచెం మబ్బుగా కనిపిస్తే గుడ్డు ఇంకా తాజాగా ఉందని, కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా పోలేదని అర్థం. ఈ రెండూ మొదటి రోజు నుంచే, అంతటా సమానంగా ఉంటాయి. మూడో రోజున కొత్తగా కనిపించే రంగు వేరు. సూడోమోనాస్ అనే జాతి బ్యాక్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరుగుతుంది. తెల్లసొన దాచేసిన ఇనుమును లాక్కోవడానికి వాటిలో కొన్ని మెరిసే ఆకుపచ్చ పదార్థాన్ని వదులుతాయి. నిన్న లేని మెరిసే ఆకుపచ్చ గానీ, గులాబీ రంగు గానీ, నల్లని చుక్కలు గానీ కనిపిస్తే అక్కడితో ఆపేసి మొత్తం పారబోయండి. వాసన చూసి నిర్ణయిద్దామని ఆగొద్దు.

నిజానికి వాసన మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోకూడదు. వాసన, రంగు మార్చేవి కుళ్లబెట్టే బ్యాక్టీరియా. సాల్మొనెల్లా ఉన్న సొన తాజాదానిలాగే కనిపిస్తుంది, వాసన కూడా మారదు. అందుకే ముక్కు కంటే సీసా మీది తేదీకే విలువ ఇవ్వాలి. దాచిన సొనను పచ్చిగా తినే వంటల్లో వేయకపోవడం కూడా అందుకే. 71 డిగ్రీలకు వేడెక్కితే సాల్మొనెల్లా చస్తుంది.

ఫ్రీజర్‌లో ఏం జరుగుతుంది

నాలుగు రోజుల్లో వాడలేమనిపిస్తే తెల్లసొనను ఫ్రీజర్‌లో పెట్టేయండి. అది గడ్డకట్టి కరిగినా పెద్దగా మారదు. ఐస్ ట్రేలో ఒక్కో గడిలో ఒక్కో తెల్లసొన పోసి, గట్టిపడ్డాక ముక్కలను సంచిలోకి మార్చుకుంటే కావలసినన్ని తీసుకోవచ్చు. ఏడాది దాకా నాణ్యత బాగానే ఉంటుంది. ముందు రోజు రాత్రి ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చితే తెల్లారేసరికి కరుగుతుంది. నురుగు కొట్టబోయే ముందు అరగంట బయట ఉంచితే బాగా పొంగుతుంది. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి.

పచ్చసొన సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒకసారి ఆరు పచ్చసొనలు మిగిలితే, తెల్లసొనలాగే డబ్బాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. మూడు వారాల తర్వాత కరిగించాను. డబ్బా వంచితే సొన జారలేదు, ముద్దలా అంటుకుని ఉంది. ఇంకా చల్లగా ఉందేమో అనుకుని గంటసేపు చూశాను. ఏమీ మారలేదు. గోరువెచ్చని పాలలో వేసి ఎంత గిలకొట్టినా పసుపు రవ్వలు తేలాయే తప్ప కలవలేదు. ఆరు గుడ్ల సారం పోయింది. ఎందుకు పోయిందో తెలుసుకునేదాకా నాకు మనసు కుదుటపడలేదు.

కారణం ఇది. పచ్చసొనలో కొవ్వు విడిగా తేలదు. ప్రోటీన్లతో కలిసి సన్నటి కణాలుగా నీటిలో పరుచుకుని ఉంటుంది. సుమారు మైనస్ 6 డిగ్రీలకు దిగితే నీరు మంచు స్ఫటికాలుగా విడిపోతూ, ఈ కణాలను ఒకదాని మీదికి ఒకటి నెట్టేస్తుంది. అవి అతుక్కుపోతాయి. మంచు కరిగినా ఆ అతుకు విడిపోదు. కాబట్టి ఎంతసేపు బయట ఉంచినా, ఎంత గిలకొట్టినా సొన మామూలు స్థితికి రాదు.

అతుక్కోకుండా ఆపాలంటే ముందే ఉప్పో, పంచదారో కలపాలి. అవి నీటిని కొంత పట్టి ఉంచుతాయి, మంచుగా విడిపోయే నీరు తగ్గుతుంది. ఇంట్లో పాటించే లెక్క, నాలుగు పచ్చసొనలకు టీస్పూన్‌లో ఎనిమిదో వంతు ఉప్పు లేదా ఒకటిన్నర టీస్పూన్ల పంచదార. నురుగు రాకుండా మెల్లగా కలిపి, డబ్బా మీద ఎన్ని సొనలు, ఏ తేదీ, ఉప్పా పంచదారా అన్నది రాయాలి. ఈ చివరి మాట రాయకపోతే ఉప్పు వేసిన సొన కస్టర్డ్‌లోకి వెళ్తుంది.

రెండూ సమానంగా పనిచేయవని కూడా తెలిసి ఉండాలి. నాలుగు పచ్చసొనలు సుమారు 70 గ్రాములు, ఒకటిన్నర టీస్పూన్ల పంచదార 6 గ్రాములు. అంటే 8 శాతం పైమాటే. ఫ్యాక్టరీల్లో గడ్డకట్టించే పచ్చసొనకు మామూలుగా 10 శాతం ఉప్పు గానీ పంచదార గానీ కలుపుతారు, కాబట్టి మన పంచదార దానికి దగ్గరగానే ఉంది. ఉప్పు విషయంలో మనం వేసేది ఒక శాతమే. అంతకు మించితే కూర నోట పెట్టలేం. అందువల్ల ఉప్పు వేసిన సొన కరిగాక కొంచెం చిక్కగానే ఉంటుంది. గ్రేవీ చిక్కపరచడానికి, ఆమ్లెట్‌లో కలపడానికి అది చాలు. నున్నగా రావలసిన తీపి వంటలకైతే పంచదార వేసినదే వాడాలి.

ఫ్రీజర్‌లో చోటు లేకపోతే ఇంకో దారి ఉంది. చితకని పచ్చసొనలను గిన్నెలో పరిచి, వాటి మీద ఒక అంగుళం నీళ్లు ఉండేట్టు పోసి, నీళ్లు మరిగాక మంట ఆపి, మూతపెట్టి పదిహేను నిమిషాలు వదిలేయండి. గట్టిపడ్డ సొనలను నీళ్లు వంపి ఆరబెట్టి డబ్బాలో పెడితే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. చిదిమి సలాడ్ మీద చల్లుకోవచ్చు, శాండ్‌విచ్ ముద్దలో కలుపుకోవచ్చు.

వాడేటప్పుడు

మిగిలిన తెల్లసొనను చాలామంది ఆమ్లెట్‌లోనే వేస్తారు. రెండు తెల్లసొనలకు ఒక పూర్తి గుడ్డు కలిపి సన్నని మంట మీద వండితే బాగుంటుంది. తెల్లసొన ఒక్కటే అయితే మంట కొంచెం ఎక్కువైనా రబ్బరులా తయారవుతుంది. కానీ మూడు నాలుగు రోజులు నిల్వ ఉన్న తెల్లసొన అసలు రాణించేది మెరింగ్‌లో. నిల్వ ఉన్నకొద్దీ అది పలచబడుతుంది, నురుగు త్వరగా వస్తుంది. ఆ నురుగు కాస్త నిలకడ లేనిది కాబట్టి, పెరిగిన క్షారాన్ని తగ్గించడానికి నాలుగు తెల్లసొనలకు అర టీస్పూన్ నిమ్మరసం వేయాలి. నాలుగింటికి, అంటే 130 గ్రాములకు, 200 నుంచి 250 గ్రాముల పంచదార పడుతుంది.

నిల్వ ఉన్నది కాబట్టి నేను ముందే వేడి చేసే పద్ధతినే ఎంచుకుంటాను. తెల్లసొన, పంచదార కలిపిన గిన్నెను సన్నగా మరుగుతున్న నీళ్ల గిన్నె మీద పెట్టి, ఆపకుండా కలుపుతూ 71 డిగ్రీలు చేరేదాకా వేడి చేయాలి. ఈలోగా పంచదార పూర్తిగా కరిగిపోతుంది. పంచదార ఉన్నందున ఆ వేడికి తెల్లసొన గడ్డకట్టదు. తర్వాత దించి, గట్టి శిఖరాలు నిలిచేదాకా గిలకొట్టి, 100 డిగ్రీల ఓవెన్‌లో గంటన్నర ఆరనివ్వాలి. గిన్నెకు గానీ, సొనలో గానీ కొవ్వు అంటి ఉంటే మాత్రం నురుగు రాదు. ఒక్క చుక్క పచ్చసొన పడినా అంతే. అలా చుక్క పడిన తెల్లసొనను ఆమ్లెట్‌కు కేటాయించి, మెరింగ్ సీసాకు దూరంగా పెట్టండి.

పచ్చసొనకు కస్టర్డే సహజమైన చోటు. పిండి లేని కస్టర్డ్‌కు 500 మిల్లీలీటర్ల పాలు, నాలుగు పచ్చసొనలు, 75 గ్రాముల పంచదార. 80 నుంచి 82 డిగ్రీల మధ్య అది చెంచాకు పూతలా పట్టుకుంటుంది. 85 దాటితే సొన విరిగి రవ్వలు కడుతుంది.

కార్న్‌ఫ్లోర్ వేసే కస్టర్డ్‌కు నియమం సరిగ్గా తిరగబడుతుంది. దాన్ని బుడగలు వచ్చేదాకా మరిగించి, ఆపైన కూడా ఒక నిమిషం కలుపుతూ ఉంచాలి. పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది పిండిపదార్థాన్ని తెగగొడుతుంది. మరిగించకపోతే ఆ ఎంజైమ్ బతికే ఉండి, రాత్రి చిక్కగా ఫ్రిజ్‌లో పెట్టిన కస్టర్డ్‌ను తెల్లారేసరికి నీళ్లగా చేసేస్తుంది. చాలామంది పాలు పలుచనివని అనుకుంటారు, లేదా పిండి తక్కువైందని మరుసటిసారి ఇంకో చెంచా వేస్తారు. దానికి కావలసింది మంట మీద ఇంకో నిమిషం. పిండి ఉంది కాబట్టి సొన విరుగుతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు. పిండి రేణువులు ఉబ్బి, ప్రోటీన్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోకుండా అడ్డుపడతాయి.

ఫ్రీజర్‌లో పంచదార వేసి దాచిన నాలుగు పచ్చసొనలతో పైన చెప్పిన పిండి లేని కస్టర్డ్ చేస్తుంటే, ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చి కరిగించండి. పొద్దున వడగట్టి, రెండు చెంచాల చల్లని పాలతో పలుచన చేసుకుని, అప్పుడు వేడిపాలను కొద్దికొద్దిగా కలపండి. దానిలో ముందే 6 గ్రాములు ఉంది కాబట్టి పంచదార 75కు బదులు 69 గ్రాములు వేయండి.